ప్రాక్టీసు మానేసే ముందు పంపాల్సిన మెయిల్

రాజమహేంద్రవరం దానవాయిపేటలోనో, కాకినాడలోనో, భీమవరంలోనో చాలా ఏళ్లుగా వైద్యం చేస్తున్న కన్సల్టెంటు డాక్టరు గారొకరు ఈ మార్చి నెలాఖరుకి ప్రాక్టీసు మానేద్దామనుకున్నారు అనుకోండి. మానేసే ముందు చాలా పనులుంటాయి. రోగుల్ని ఇంకో డాక్టరు గారికి అప్పజెప్పాలి. గది ఖాళీ చేయాలి. సిబ్బందికి ఇవ్వాల్సింది ఇచ్చేయాలి. ఈ హడావిడిలో బీమా కంపెనీ నుంచి రెన్యువల్ నోటీసు వస్తుంది. ప్రాక్టీసే మానేస్తుంటే ఇక పాలసీ దేనికని ఆ నోటీసుని పక్కన పెట్టేస్తారు. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ వృత్తి బాధ్యత బీమా విషయంలో ఈ లెక్క తలకిందులు. వైద్యం మానేసిన రోజుతో కొత్త తప్పులు జరిగే అవకాశం పోతుంది, నిజమే. పాత చికిత్సల మీద ఫిర్యాదులు వచ్చే అవకాశం మాత్రం పోదు. అందుకే పాలసీ ముగియక ముందే బీమా కంపెనీకి ఒక మెయిల్ వెళ్లాలి. క్లెయిమ్ తెలియజేసే గడువుని పొడిగించమని అడిగే మెయిల్ అది. అది ఎందుకు అవసరమో, అందులో ఏం రాయాలో, పంపకపోతే ఏమవుతుందో ఈ పూట చెప్పుకుందాం. డాక్టర్లని ఉదాహరణగా తీసుకుంటున్నాను గానీ, ఇలాంటి పాలసీ ఉన్న ఇంజనీర్లకీ, ఆర్కిటెక్టులకీ, చార్టర్డ్ అకౌంటెంట్లకీ కూడా ముఖ్యమైన సంగతులు ఇవే.

ముందు ఈ పాలసీ స్వభావం తెలియాలి. మనందరికీ బాగా తెలిసింది మోటారు బీమా. కొవ్వూరు వంతెన మీద లారీ ఎవరినైనా గుద్దిందంటే, గుద్దిన రోజున పాలసీ ఉందా లేదా అన్నదే ప్రశ్న. ఉంటే చాలు. దెబ్బ తిన్న మనిషి నెలల తర్వాత కేసు వేసినా ఆ రోజు పాలసీయే జవాబు చెబుతుంది. లారీని మధ్యలో అమ్మేసినా సరే. డాక్టర్ల వృత్తి బాధ్యత పాలసీ అలా కాదు. దాన్ని క్లెయిమ్స్ మేడ్ పాలసీ అంటారు. ఇక్కడ ఆపరేషన్ జరిగిన రోజున పాలసీ ఉంటే సరిపోదు. ఆ ఆపరేషన్ గురించి నష్టపరిహారం అడుగుతూ లాయరు నోటీసో, వినియోగదారుల కమిషన్ నోటీసో డాక్టరు గారి చేతికి వచ్చిన రోజున కూడా పాలసీ ఉండాలి. మళ్లీ చెబుతాను. చికిత్స రోజున ఉన్న పాలసీ ఒక్కటే చాలదు, కాగితం వచ్చిన రోజున కూడా పాలసీ బతికి ఉండాలి. పాలసీ మీద రెట్రోయాక్టివ్ డేట్ అని ఒక తేదీ రాసి ఉంటుంది. డాక్టరు గారు మొట్టమొదట ఈ బీమా తీసుకుని, అప్పట్నుంచి మధ్యలో ఆపకుండా రెన్యూ చేస్తూ వస్తున్న తేదీ అది. ఆ తేదీ తర్వాత చేసిన చికిత్సలన్నీ ఈ ఏటి పాలసీ కిందికి వస్తాయి, కాగితం ఈ ఏడే వస్తే. అంటే ఏటేటా కట్టిన ప్రీమియం ఆ ఏటి చికిత్సలకి శాశ్వతంగా కొనిపెట్టిన రక్షణ కాదు. ఆ గొలుసు తెగితే వెనకటి ఏళ్లన్నిటికీ ఒకేసారి రక్షణ పోతుంది. ఇరవయ్యేళ్లు తప్పకుండా ప్రీమియం కట్టిన మనిషి ఇరవై ఒకటో ఏట కట్టకపోతే, ఆ ఇరవయ్యేళ్ల చికిత్సల్లో దేని మీద కొత్తగా నోటీసు వచ్చినా చేతిలో పాలసీ ఉండదు.

దీనికి పాలసీలోనే కొంత వెసులుబాటు ఉంది, ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి. మన దేశంలో ప్రభుత్వ రంగ బీమా కంపెనీలు అమ్మే ఇలాంటి పాలసీల్లో సాధారణంగా ఒక షరతు ఉంటుంది. పాలసీ రెన్యూ కాకపోయినా, రద్దయినా, ముగిసిన తేదీ నుంచి 90 రోజులకు మించకుండా క్లెయిమ్ తెలియజేయడానికి గడువిస్తారు. దీనికి వేరే డబ్బు కట్టక్కర్లేదు. కానీ ఆ షరతుకీ షరతులున్నాయి. ఆ 90 రోజుల్లో అదే బాధ్యతకి ఇంకో పాలసీ ఉండకూడదు. ఫిర్యాదు పాలసీ ముగియక ముందు జరిగిన చికిత్స గురించే అయి ఉండాలి. ఆ గడువులో వచ్చిన క్లెయిమ్‌ని పాలసీ ఆఖరి రోజున వచ్చినట్టు లెక్క వేస్తారు. కాబట్టి కొత్తగా హామీ మొత్తం ఏమీ రాదు, ఆఖరి ఏడాదికి ఉన్న మొత్తంలో మిగిలిందే దిక్కు. ప్రైవేటు కంపెనీల పాలసీల్లో ఈ రోజుల లెక్క వేరుగా ఉండొచ్చు. ఎవరి పాలసీ వాళ్లు తీసి చూసుకోవాల్సిందే. 90 రోజులే అనుకుందాం, అంటే మూడు నెలలు. మరి రోగికి ఫిర్యాదు చేయడానికి చట్టం ఇచ్చిన గడువెంత? వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం రెండేళ్లు. ఒక పక్క మూడు నెలలు, ఇంకో పక్క రెండేళ్లు. డాక్టరు గారికి బీమా అండ మూడు నెలలకే అయిపోతుంది, రోగికి ఫిర్యాదు హక్కు మాత్రం ఇంకా చాలా కాలం ఉంటుంది. నా వాదనంతా ఈ రెంటి మధ్య ఉన్న ఖాళీ గురించే.

ఆ ఖాళీ ఎలా ఉంటుందో ఒక ఊహాచిత్రంలో చూద్దాం. ఇది నిజంగా ఎవరికో జరిగిన కథ కాదు, లెక్క తెలియడానికి కల్పించింది. రాజమహేంద్రవరంలో ఒక స్త్రీ వైద్య నిపుణురాలు ఉన్నారనుకోండి. ఆవిడ పాలసీ 2027 మార్చి 31తో ముగుస్తుంది. ప్రాక్టీసు మానేసేదీ ఆ రోజే. ఫిబ్రవరి 20న కొత్తపేట దగ్గర పల్లె నుంచి వచ్చిన ఒకామెకి గర్భసంచి తీసే ఆపరేషన్ చేశారు. మూత్రపిండం నుంచి మూత్రాశయానికి వెళ్లే సన్నటి నాళం గర్భసంచికి ఆనుకున్నంత దగ్గరగా పోతుంది. రక్తం ఆపడానికి వేసే కుట్టులో అది బిగుసుకునే ప్రమాదం ఈ ఆపరేషన్‌లో ఉన్నదే, వైద్య పుస్తకాల్లో రాసి ఉన్నదే. రెండు మూత్రపిండాల్లో ఒకటి బాగా పనిచేస్తున్నంత కాలం రెండోదాని సంగతి చాలాసార్లు బయటపడదు. ఆమె ఇంటికి వెళ్లింది, కుట్లు మానాయి, నడుం నొప్పిని అలసట అనుకుంది. సెప్టెంబరులో కాకినాడలో స్కాను తీస్తే ఒక మూత్రపిండం వాచి ఉందని తేలింది. డిసెంబరులో లాయరు నోటీసు వచ్చింది. ఇప్పుడు లెక్క చూడండి. ఆపరేషన్ రోజున పాలసీ ఉంది. పాలసీ తర్వాతి 90 రోజులు జూన్ 29తో అయిపోయాయి. నోటీసు డిసెంబరులో వచ్చింది. రోగికి రెండేళ్ల గడువు 2029 ఫిబ్రవరి దాకా ఉంది. బీమా కంపెనీ తిరస్కరిస్తే అది మోసం కాదు, ఒప్పందంలో ఉన్నదే. డాక్టరమ్మ గారి తప్పు ఉందో లేదో తర్వాత తేలుతుంది. ఆ తేలడానికి అయ్యే లాయరు ఖర్చు, నిపుణుల అభిప్రాయాల ఖర్చు మొదటి రోజు నుంచీ ఆవిడ సొంత డబ్బే. జూన్ 30 నుంచి 2029 ఫిబ్రవరి దాకా సుమారు ఇరవై నెలలు ఆవిడ వెనక ఎవరూ లేరు.

ఆపరేషన్‌కీ ఫిర్యాదుకీ మధ్య అంత ఎడం ఉంటుందా అని మీకు సందేహం రావచ్చు. హైదరాబాదు నిమ్స్ కేసు చూడండి. ఒక ఇంజనీరింగ్ విద్యార్థికి 1990 అక్టోబరులో అక్కడ ఆపరేషన్ జరిగింది. తర్వాత అతని కాళ్లు చచ్చుబడిపోయాయి. జాతీయ వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు దాఖలైంది 1993లో. సుప్రీంకోర్టు 2009 మేలో కోటి రూపాయల పరిహారం ఇమ్మంది. ఈ కేసు గురించి మాట్లాడేవాళ్లంతా ఆ కోటి రూపాయల గురించే చెబుతారు. మన విషయానికి పనికొచ్చేది అది కాదు, 1990కీ 1993కీ మధ్య ఉన్న ఎడం. తీర్పు ఎన్నేళ్లకి వచ్చినా క్లెయిమ్స్ మేడ్ పాలసీకి పట్టింపు లేదు. పాలసీ బతికుండగా నోటీసు వచ్చి, సకాలంలో కంపెనీకి తెలియజేస్తే, కేసు పదిహేనేళ్లు నడిచినా ఆ పాలసీయే మోస్తుంది. చికిత్సకీ మొదటి కాగితానికీ మధ్య కాలం ఎంత అన్నదే అసలు ప్రశ్న. ఆ కాలం రెండేళ్లు దాటిన కేసు మన తెలుగునాట, మనకు తెలిసిన ఆసుపత్రి మీదే ఉంది.

సరే, రెండేళ్లు గడువంటున్నారు కదా, రెండేళ్లకి పొడిగింపు కొనుక్కుంటే నిశ్చింతే కదా అనొచ్చు. అక్కడే ఇంకో చిక్కుంది. ఆ రెండేళ్ల గడువు రాతిగోడ కాదు. సరైన కారణం చూపిస్తే ఆలస్యాన్ని మన్నించే అధికారం అదే 69వ సెక్షన్ కమిషన్‌కి ఇచ్చింది. కొన్నిసార్లు మొత్తం దేశానికే గడువు జరుగుతుంది. కోవిడ్ కాలం గుర్తుంది కదా. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని గడువు లెక్కల్లోంచి తీసేయమని సుప్రీంకోర్టు చెప్పింది. 2018 జూలైలో ఆపరేషన్ అయిన మనిషికి మామూలుగా 2020 జూలైతో గడువు తీరిపోవాలి. ఈ ఉత్తర్వు వల్ల అది 2022 జూన్, జూలైల దాకా వచ్చింది. దాదాపు నాలుగేళ్లు. రెండేళ్లు లెక్కేసుకుని 2018లో ప్రాక్టీసు మానేసిన డాక్టరు గారు ఇలాంటిది ఊహించి ఉండరు. ఇక గడువు ఎప్పటి నుంచి మొదలవుతుందన్నది ఇంకో ప్రశ్న. చికిత్స రోజు నుంచా, నష్టం రోగికి తెలిసిన రోజు నుంచా? ముంబయి సర్జన్ శ్రీఖండే గారి కేసులో సుప్రీంకోర్టు 2010లో దీన్ని చర్చించింది. 1993లో పిత్తాశయం ఆపరేషన్. కడుపులో గుడ్డ ఉండిపోయిందని చాలా ఏళ్లకి, 2002లో ఇంకో ఆసుపత్రిలో బయటపడిందని ఆరోపణ. 2004లో ఫిర్యాదు. గడువు దాటిపోయిందని సుప్రీంకోర్టు ఫిర్యాదుని కొట్టేసింది. చూశారా, కోర్టు డాక్టర్నే కాపాడింది కదా అని మీరనొచ్చు. కాపాడింది. కానీ దేనివల్ల కాపాడిందో చూడండి. ఆ రోగి మామూలు మనిషి కాదు, అనుభవం ఉన్న నర్సు, అన్నేళ్లు నొప్పి ఉన్నా ఆపరేషన్ చేసిన డాక్టర్ని ఎందుకు అడగలేదని కోర్టు ప్రశ్నించింది. మన లంక గ్రామాల్లోంచి వచ్చిన, వైద్యం గురించి ఏమీ తెలియని రోగి విషయంలో అదే ప్రశ్న అంత గట్టిగా నిలబడుతుందని ఎవరూ పూచీ ఇవ్వలేరు. పైగా ఆ సర్జన్ గారు రాష్ట్ర కమిషన్‌లో గెలిచి, జాతీయ కమిషన్‌లో ఓడి, సుప్రీంకోర్టు దాకా వెళ్తేనే ఊరట దొరికింది. గెలుపుకీ ఖర్చుంటుంది. ఆ ఖర్చు పెట్టుకునేది కూడా ఈ పాలసీయే.

కాన్పులు చేసేవారికీ, పిల్లల డాక్టర్లకీ ఈ కాలం ఇంకా పొడుగు. పుట్టినప్పుడు బిడ్డకి నష్టం జరిగిందనుకుంటే, సివిల్ కోర్టులో దావాకి మైనర్లకి లిమిటేషన్ చట్టం ప్రత్యేకమైన వెసులుబాటు ఇచ్చింది. బిడ్డ పద్దెనిమిదేళ్లు నిండాక కూడా వేయొచ్చు. అంత కాలానికి పొడిగింపు ఏ కంపెనీ ఇవ్వకపోవచ్చు. అది ఈ ఏర్పాటుకున్న హద్దు. హద్దు ఉందని మొత్తం వదిలేయడం తెలివి కాదు. ఫిర్యాదులు ఎక్కువగా వచ్చే మొదటి మూడు నాలుగేళ్లకైనా రక్షణ ఉండాలి.

ఇప్పుడు తరచు వినిపించే అభ్యంతరాలు చూద్దాం. ఇన్నేళ్లలో నా మీద ఒక్క ఫిర్యాదు రాలేదు అంటారు కొందరు. అది మంచి పేరుకి సాక్ష్యం, ఇంకా రాని నోటీసుకి కాదు. నర్సింగ్ హోమ్‌కి పాలసీ ఉందిగా అంటారు ఇంకొందరు. నర్సింగ్ హోమ్ పాలసీ ప్రధానంగా నర్సింగ్ హోమ్ బాధ్యత కోసం. వచ్చి ఆపరేషన్ చేసి వెళ్లే కన్సల్టెంటు సొంత బాధ్యత అందులో ఉందో లేదో పాలసీ చదివితేనే తెలుస్తుంది. ఫిర్యాదులో మాత్రం ఆసుపత్రినీ, డాక్టర్నీ ఇద్దర్నీ ప్రతివాదులుగా చేర్చడం పరిపాటి. డబ్బు తీసుకోకుండా చేసిన ఆపరేషన్లకి ఫిర్యాదు రాదనుకునేవారూ ఉన్నారు. 1995 నవంబరులో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చేసే చోట, ఉచితంగా చేయించుకున్నవారూ వినియోగదారులే.

ఇక అన్నిటికంటే బలమైన అభ్యంతరం ఒకటుంది. పొడిగింపు ఎందుకండీ, ప్రాక్టీసు మానేసినా ఇంకో మూడేళ్లు మామూలుగా ప్రీమియం కట్టి రెన్యూ చేసుకుంటే పోలేదా అని. ఇది కొట్టిపారేయాల్సిన మాట కాదు. నిజానికి మన దగ్గర చాలామందికి దొరికే దారి ఇదే కావచ్చు, ఎందుకంటే ఏళ్ల తరబడి పొడిగింపు అనేది మన బ్రాంచి ఆఫీసుల్లో రోజూ అమ్మే సరుకు కాదు. రెన్యూ చేస్తే రెట్రోయాక్టివ్ డేట్ చెక్కుచెదరదు, ప్రతి ఏడూ హామీ మొత్తం కొత్తగా వస్తుంది. కానీ ఒక్క షరతు మీదే ఇది పని చేస్తుంది. మానేసిన సంగతి కంపెనీకి చెప్పి, వాళ్లు ఒప్పుకున్నాకే రెన్యూ చేయాలి. ప్రతిపాదన పత్రంలో ప్రాక్టీసు చేస్తున్నట్టు రాసి సంతకం పెట్టి, నిజానికి మానేసి ఉంటే, ముఖ్యమైన సంగతి దాచారని రేపు క్లెయిమ్ వేళ కంపెనీ అనగలదు. బీమా ఒప్పందం నిలబడేదే నిజం చెప్పడం మీద. కాబట్టి రెన్యువల్ దారి పట్టినా మెయిల్ తప్పదు. అందుకే ఆ ఒక్క మెయిల్‌లోనే రెండూ అడగాలంటాను. ముందు పొడిగింపు, అది కుదరకపోతే విశ్రాంత హోదాలో రెన్యువల్.

ఇప్పుడు ఆ మెయిల్ చదువుతాను, నెమ్మదిగా వినండి. మీరు ఇంగ్లీషులో రాసుకున్నా సారం ఇదే ఉండాలి. పంపాల్సింది పాలసీ ఇచ్చిన ఆఫీసుకి, నకలు ఏజెంటు గారికో బ్రోకరు గారికో.

“విషయం: వృత్తి బాధ్యత పాలసీ నంబరు ఫలానా, ప్రాక్టీసు విరమణ, క్లెయిమ్ తెలియజేసే గడువు పొడిగింపు గురించి. మేనేజరు గారికి నమస్కారం. పై నంబరు పాలసీ నా పేరున ఉంది. 2027 మార్చి 31తో ముగుస్తుంది. అదే రోజుతో నేను వైద్య వృత్తి పూర్తిగా విరమిస్తున్నాను. ఆ తర్వాత ఎవరికీ చికిత్స గానీ, సలహా గానీ ఇవ్వను. పాలసీలో రెట్రోయాక్టివ్ డేట్ 2009 ఏప్రిల్ 1. అప్పటి నుంచి విడుపు లేకుండా రెన్యూ అయింది. ఆ తేదీకీ 2027 మార్చి 31కీ మధ్య నేను చేసిన చికిత్సల మీద, పాలసీ ముగిశాక మొదటిసారి వచ్చే క్లెయిమ్‌లను కూడా స్వీకరించేలా గడువు పొడిగించమని కోరుతున్నాను. పాలసీలో ఉన్న 90 రోజులకు అదనంగా మూడేళ్లకి ఎంత, అయిదేళ్లకి ఎంత ప్రీమియం అవుతుందో విడివిడిగా తెలపండి. పొడిగించిన కాలానికి హామీ మొత్తం ఎంత ఉంటుందో, నా తదనంతరం నా వారసుల మీద వచ్చే క్లెయిమ్‌కి కూడా ఇది వర్తిస్తుందో లేదో తెలపండి. పొడిగింపు వీలుకాకపోతే, నేను ప్రాక్టీసు చేయడం లేదన్న సంగతి పాలసీ మీదే నమోదు చేసి, రెట్రోయాక్టివ్ డేట్ మార్చకుండా రెన్యూ చేయడానికి మీ షరతులు తెలపండి. ఇప్పటి వరకు నాకు తెలిసిన క్లెయిమ్‌లు, క్లెయిమ్‌కి దారి తీయగల సంఘటనల వివరం వేరే కాగితంలో జత చేశాను. ఫిబ్రవరి 15లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు.”

ఇందులో ప్రతి వాక్యం ఒక పని కోసం ఉంది. చికిత్స గానీ సలహా గానీ ఇవ్వను అన్న మాట రాశామంటే దానికి కట్టుబడాలి. పొడిగింపు పాత చికిత్సలకే గానీ కొత్తవాటికి కాదు. ఏప్రిల్ తర్వాత పక్కింటివాళ్లకి ఫోన్లో మందు చెప్పినా, ఆదివారం పూట ఉచిత శిబిరంలో కూర్చున్నా, దానికి ఈ రక్షణ లేదు. అలా కూర్చోవాలని ఉంటే పొడిగింపు కాదు, పాలసీనే కొనసాగించాలి. మూడేళ్లు, అయిదేళ్లు అని రెండు ధరలు అడగడం ఎందుకంటే, ఒక్కటే అడిగితే కుదరదనే జవాబు సులువు. రెండు అడిగితే లెక్క వేయాల్సి వస్తుంది. హామీ మొత్తం గురించి అడగడం ఎందుకో ఇందాకే చెప్పాను. ఆఖరి ఏడాది మొత్తంలో మిగిలిందే మూడేళ్లకీ సరిపెట్టుకోవాల్సి వస్తే, అది తెలిసే కొనాలి.

జత చేసిన కాగితం గురించి కొంచెం ఆగి చెప్పాలి, చాలామంది దీన్ని వదిలేస్తారు. ఈ పాలసీల్లో ఇంకో షరతు కూడా ఉంటుంది. పాలసీ నడుస్తుండగానే, రేపు క్లెయిమ్‌కి దారి తీయొచ్చనిపించే ఫలానా సంఘటనని కంపెనీకి తెలియజేసి, కంపెనీ దాన్ని స్వీకరిస్తే, తర్వాత ఎప్పుడో వచ్చిన క్లెయిమ్‌ని కూడా ఈ పాలసీ కాలంలోనే వచ్చినట్టు చూస్తారు. అంటే తెలిసిన కేసులకి పొడిగింపుతో పనిలేకుండానే రక్షణ దొరుకుతుంది. కానీ సంఘటన ఫలానా అని ఉండాలి. రోగి ఎవరు, ఏ తేదీ, ఏ చికిత్స, ఏం జరిగింది, క్లెయిమ్ వస్తుందని ఎందుకు అనుకుంటున్నారు, ఇవి రాయాలి. ఆపరేషన్ థియేటరు రిజిస్టరు మొత్తం స్కాన్ చేసి పంపితే అది తెలియజేయడం కిందికి రాదు, కంపెనీ స్వీకరించదు. ఎలా గుర్తుపట్టాలి మరి? రెండోసారి ఆపరేషన్ అవసరమైన కేసులు, ఐసీయూలో చనిపోయిన కేసులు, బంధువులు వచ్చి గొడవపడ్డ కేసులు గుర్తుంటాయి. ఇంకో సూచన ఉంది. 2002 నాటి వైద్య ప్రవర్తనా నియమాల ప్రకారం రోగి గానీ, అధికారం ఉన్న ప్రతినిధి గానీ రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. కేస్ షీట్ నకలు అడిగినవాళ్లంతా కేసు వేస్తారని కాదు, ఇంకో డాక్టరుకి చూపించడానికీ అడుగుతారు. అయినా లాయరు ద్వారా అడిగితే మాత్రం ఆ పేరు జాబితాలో ఉండాల్సిందే. అవే నియమాలు ఆసుపత్రిలో చేరిన రోగుల రికార్డులు మూడేళ్లు దాచమంటాయి. అది కనీసం. అయిదేళ్ల పొడిగింపు కొని మూడేళ్లకే రికార్డులు పారేస్తే, కేసు వచ్చిన నాడు బీమా కంపెనీ లాయరు దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు.

మెయిల్ ఎప్పుడు పంపాలి? కనీసం రెండు నెలల ముందు. ఇలాంటి అభ్యర్థన మీద రాజమహేంద్రవరం ఆఫీసులోనే నిర్ణయం జరగకపోవచ్చు, పై ఆఫీసుకి వెళ్లి రావాలి. మార్చి నెలలో బీమా ఆఫీసులు ఎంత తీరిక లేకుండా ఉంటాయో తెలిసిందే. పాలసీ ముగిశాక అడిగితే కంపెనీకి ఇవ్వాల్సిన అవసరమే లేదు. అప్పటికి పొడిగించడానికి పాలసీ ఏదీ? ఈ మాట మాత్రం గుర్తు పెట్టుకోండి. అడగాల్సింది పాలసీ బతికుండగానే.

మన ప్రాంతంలో ఒక అలవాటుంది. ఏజెంటు గారు మనకి తెలిసినవారే, ఫోన్ చేస్తే “నేను చూసుకుంటానులెండి, మీకెందుకు” అంటారు. ఆయన మంచివారే కావచ్చు. ఆ మాట మీద మాత్రం పాలసీ పొడిగించబడదు. మేనేజరు గారి మెయిల్‌లో సరేనని వచ్చినా అది కూడా సగమే. బీమా చట్టంలో 64వీబీ అనే సెక్షన్ ఉంది. ప్రీమియం ముందుగా అందకుండా కంపెనీ బాధ్యత తీసుకోకూడదని చెబుతుంది. కాబట్టి మూడు కాగితాలు చేతికి వచ్చాకే పని అయినట్టు. కొటేషన్, డబ్బు కట్టిన రసీదు, ఎండార్స్‌మెంట్. ఎండార్స్‌మెంట్ అంటే పాలసీకి జత చేసే సవరణ పత్రం. దాంట్లో పొడిగింపు ఎప్పటినుంచి ఎప్పటివరకు, రెట్రోయాక్టివ్ డేట్ ఏది, ఈ రెండు సరిచూసుకోవాలి. రెట్రోయాక్టివ్ డేట్ 2009 ఉండాల్సిన చోట పొరపాటున 2026 పడితే, పదిహేడేళ్ల చికిత్సలు బయటే ఉండిపోతాయి. అచ్చుతప్పు దిద్దించుకోవడం ఆ వారంలో సులువు, క్లెయిమ్ వచ్చాక కష్టం.

ఇంకొక్క సంగతి. ప్రాక్టీసు మానేసిన మన డాక్టర్లు చాలామంది పిల్లల దగ్గరికి అమెరికాయో ఆస్ట్రేలియాయో వెళ్లి నెలల తరబడి ఉంటారు. నోటీసు మాత్రం పాత క్లినిక్ చిరునామాకే వస్తుంది. వినియోగదారుల కమిషన్ నోటీసు అందాక జవాబు దాఖలు చేయడానికి 30 రోజులు, కమిషన్ దయతలిస్తే ఇంకో 15 రోజులు. ఆ 45 దాటితే పొడిగించే అధికారం కమిషన్‌కి లేదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2020 మార్చిలో చెప్పింది. డాలస్‌లో ఉన్న డాక్టరు గారికి పాత గదిలో కవరు పడి ఉందని రెండు నెలలకి తెలిస్తే, పొడిగించిన పాలసీ ఉండి కూడా చెప్పుకోవాల్సిన మాట చెప్పుకునే వీలు పోయినట్టే. అందుకని మెయిల్ చివర పేరు కింద కొత్త చిరునామా, ఫోను రాయండి. పాత గదిలోకి వచ్చిన డాక్టరు గారికీ, నర్సింగ్ హోమ్ ఆఫీసుకీ, పోస్టాఫీసుకీ అదే చిరునామా ఇవ్వండి. ఊళ్లో ఉండే బంధువు ఒకరికి ముందే చెప్పి ఉంచండి. నోటీసు వచ్చిన రోజే అన్ని పేజీలూ, తేదీ ముద్ర కనపడేలా కవరు కూడా, ఫోటో తీసి మీకు పంపమనండి. మీరు అదే రోజు దాన్ని బీమా కంపెనీకి పంపండి. ఫిర్యాదు చేసినవారితో రాజీ మాటలు గానీ, తప్పు ఒప్పుకునే జవాబు గానీ కంపెనీ అనుమతి లేకుండా వెళ్లకూడదు. ఆ షరతు కూడా పాలసీలో ఉంటుంది.